ఉంగరం గడి

ఐస్ పిన్నికి సోమవారం పొద్దున్నే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆరో ప్లేటు కూడా చచ్చింది. రెండు, ఆ చావుకు తన చేతులే కారణమని అందరూ అనుకుంటున్నారు.

మొదటిది ఎదురుగానే చెప్పారు. రెండోది ఐస్ యంత్రం దగ్గర బకెట్ నింపుకుంటుంటే తలుపు అవతలి నుంచి వినపడింది. ప్రయోగశాల పెద్ద, అంటే సార్, తన విద్యార్థినితో అంటున్నాడు. "పిన్నిగారి చేతులు మునుపట్లా లేవమ్మా. కంటి ఆపరేషన్ అయ్యాకే కదా ఇదంతా మొదలైంది. శుక్రవారం మీటింగులో మాట్లాడదాం. ఆవిడని మళ్లీ కడుగుడు గదికి పంపిద్దాం, అక్కడ హాయిగా ఉంటారు. బెంచి మీదికి ఎవరైనా కొత్తవాళ్లని చూద్దాం."

హాయిగా ఉంటారట! ముప్ఫై ఒక్కేళ్ల కిందట పిన్ని ఈ భవనంలో అడుగుపెట్టింది ఆ కడుగుడు గదిలోకే. నేలమాళిగలో, కిటికీ లేని చోట, ఆవిరి కక్కే పెద్ద యంత్రం పక్కన నాలుగేళ్లు గాజు సీసాలు కడిగింది. ఆ పని తక్కువదని ఆమె ఏనాడూ అనలేదు. సీసాలో సబ్బు మిగిలితే పైన కణాలు చస్తాయని అందరికంటే ముందు కనిపెట్టింది ఆమే. కానీ ఎక్కిన మెట్లు ఎవరో చెయ్యిపట్టుకుని దింపుతామంటే ఎవరికి హాయి?

ఐస్ గరిట బకెట్‌లో అలాగే వదిలేసి కాసేపు నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తెలియకుండానే చెయ్యి కుడికంటి మీదికి పోయింది.

ఆమెను ఐస్ పిన్ని అనేది ఊరికే కాదు. ఆమె ఎటు వెళ్లినా చేతికి ఐస్ బకెట్ వేలాడుతుంటుంది. ప్రోటీన్లన్నీ ఐస్ మీదే ఉండాలంటుంది. ఎవరైనా ఒక ట్యూబును బల్ల మీద వదిలి టీకి వెళ్లారా, వచ్చేసరికి అది పిన్ని బకెట్‌లో ఉంటుంది, వాళ్లకు చీవాట్లు సిద్ధంగా ఉంటాయి. "పసిపిల్లని ఎండలో వదిలేసి వెళతావటే?" అని అడుగుతుంది. ఇప్పుడు సార్ అయినవాడు కూడా ఇరవై రెండేళ్ల కిందట ఇక్కడ విద్యార్థిగా చేరినప్పుడు ఆ చీవాట్లు తిన్నవాడే. అప్పట్లో అతన్ని "అబ్బాయ్" అనేది. అతను పెద్దవాడయ్యాక ఆమే "సార్" అనడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే అలా బాగుందనిపించింది.

ఆమె చేసే పని చెప్పడానికి చిన్నది, చెయ్యడానికి ప్రాణం తీసేది. పన్నెండు గడుల ప్లాస్టిక్ ప్లేటు. ఒక్కో గడిలో గోరంత గాజు బిళ్ల. దాని మీద మనిషి కణాలు పరుచుకుని ఉంటాయి. వాటి మీద డిజిటోనిన్ అనే మందు పోయాలి. కణం బయటి పొరలో కొలెస్ట్రాల్ ఎక్కువ, ఈ మందు దాన్ని పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. లోపల మధ్యన ఉన్న కేంద్రకం గోడలో కొలెస్ట్రాల్ బహు తక్కువ, కాబట్టి సరైన మోతాదులో పోస్తే దాని జోలికి పోదు. ఐస్ మీద సరిగ్గా ఐదు నిమిషాలు. తక్కువైతే చిల్లులు పడవు. ఎక్కువైతే కేంద్రకం కూడా చిరిగి, దొంగా దొరా తేడా లేకుండా అన్నీ లోపలికి జొరబడతాయి. ఆ తర్వాత మెల్లగా కడిగితే కణంలో ఉన్న రసమంతా పోయి, గోడ చెక్కుచెదరని కేంద్రకం మిగులుతుంది. అప్పుడు మనకు కావలసినవి మనమే ట్యూబుల్లోంచి పోసి, లోపలికి ఏది వెళుతుందో, ఏది వెళ్లదో చూడవచ్చు.

ఆ ఐదు నిమిషాలూ పిన్ని గడియారం చూడదు. పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంది. ఎవరైనా మాట్లాడించారంటే అంతే సంగతులు.

ఏటా కొత్తగా చేరిన పిల్లలకు సార్ పాఠం అయిపోయాక పిన్ని పాఠం ఉంటుంది. సార్ పాఠానికి బొమ్మలుంటాయి, పిన్ని పాఠానికి బస్సులుంటాయి. పిల్లలకు గుర్తుండేది రెండోదే.

"కేంద్రకంలో డీఎన్ఏ అంతా ఉంటుంది. చుట్టూ గోడ. గోడకి వేల రంధ్రాలు. రంధ్రమంటే ఉత్త చిల్లనుకునేరు, లోపలంతా మెత్తటి దారాల చిక్కు. చిన్న చిన్నవి వాటంతట అవే దూరిపోతాయి. పెద్ద ప్రోటీన్లు మాత్రం బస్సెక్కాల్సిందే. లోపలికెళ్లే బస్సు ఇంపోర్టిన్. అది ఎవర్ని పడితే వాళ్లని ఎక్కించుకోదు. ప్రోటీన్ ఒంట్లోనే చిరునామాలాంటి చిన్న ముక్క ఉండాలి. దాన్నే సంకేతం అంటారు. ఆ ముక్క చూసి ఎక్కించుకుని, దారాల్లోంచి లోపలికి తీసుకుపోతుంది."

"మరి ఎక్కడ దింపాలో బస్సుకెలా తెలుస్తుంది పిన్నీ?" అని ఎవరో ఒకరు అడిగి తీరాలి. అడగకపోతే తనే అడుగుతుంది.

"అక్కడే ఉంది కిటుకు. బస్సుకి కళ్లు లేవు, లోపలో బయటో దానికి తెలీదు. రాన్ అని చిన్న ప్రోటీన్ ఉంది. అది జీటీపీ పట్టుకుంటే నిండు రాన్. ఆ జీటీపీలో ఒక ముక్క ఊడితే జీడీపీ, అప్పుడది నీరసం రాన్. నీరసం రాన్‌ని నింపేవాడు డీఎన్ఏని కరుచుకుని లోపలే ఉంటాడు. నిండు రాన్ ముక్క ఊడగొట్టించేవాడు బయట ఉంటాడు. అందుకని లోపలంతా నిండు రాన్లు, బయటంతా నీరసం రాన్లు. బస్సు లోపలికి రాగానే నిండు రాన్ వచ్చి ఎక్కుతుంది. అది ఎక్కిందా, ప్రయాణికుడు దిగాల్సిందే. ఇద్దరికీ చోటు లేదు. బస్సు రాన్‌ని మోసుకుని బయటికొస్తుంది, అక్కడ రాన్ నీరసించి దిగిపోతుంది, ఖాళీ బస్సు మళ్లీ మొదలు. నీరసం రాన్‌ని తిరిగి లోపలికి మోసుకెళ్లడానికి వేరే చిన్న బండి ఉంది."

"బయటికెళ్లే బస్సో?"

"ఎక్స్‌పోర్టిన్. దాని రూలు తిరగేసి రాశారు. లోపల నిండు రాన్ పక్కన కూర్చుంటేనే ప్రయాణికుణ్ని ఎక్కించుకుంటుంది. బయటికొచ్చాక రాన్ నీరసించగానే ఇద్దరూ దిగిపోతారు. మొత్తానికి ఇది లోపల, ఇది బయట అని చెప్పేది గోడ కాదమ్మా, రాన్."

చదువు ఇంటర్‌తో ఆగిపోయిన మనిషి చెప్పే పాఠం ఇది. ఇందులో తప్పు పట్టడానికి పెద్ద పెద్ద వాళ్లు ప్రయత్నించి ఊరుకున్నారు.

మూడు నెలల కిందట ఆమె కుడికంటికి శుక్లం ముదిరి ఆపరేషన్ చేయించుకుంది. ఆరు వారాల సెలవు. ముప్ఫై ఒక్కేళ్లలో అంత పొడుగు సెలవు అదే. తిరిగొచ్చిన రోజు నుంచి ఒక్క ప్లేటూ పనిచెయ్యలేదు.

ఆ ప్లేట్లు అవసరమైంది పొడుగమ్మాయికి. సార్ దగ్గర పరిశోధన చేసే పిల్ల, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఒక జబ్బు ఉన్న కుటుంబంలో ఒక ప్రోటీన్ సంకేతంలో ఒక్క అక్షరం మారి ఉంది. ఆ మార్పు వల్ల ఇంపోర్టిన్ దాన్ని ఎక్కించుకోవడం మానేస్తుందా అన్నది ఆమె ప్రశ్న. సమాధానం కావాలంటే ముందు మామూలు సంకేతం ఉన్నది సజావుగా లోపలికి వెళ్లాలి, దానికి తగిలించిన రంగు పచ్చగా వెలగాలి. అదీ వెళ్లడం లేదు, ఇదీ వెళ్లడం లేదు. మైక్రోస్కోప్‌లో ప్రతి కేంద్రకమూ ఆరిపోయిన పొయ్యిలా నల్లగా ఉంది. అన్నీ నల్లగా ఉంటే ఏది జబ్బు, ఏది ఆరోగ్యం?

"పిన్నీ, మీరేమీ అనుకోకండి," అంది పొడుగమ్మాయి సోమవారం మధ్యాహ్నం, ఎటో చూస్తూ. "నేను మీమీద ఏమీ చెప్పలేదు."

"నేనడిగానా?" అంది పిన్ని.

పిన్ని అరగంట సేపు పిపెట్లు తుడుస్తూ కూర్చుంది, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఆమె బాధ వాళ్లు అన్నందుకు కాదు, వాళ్లన్నది నిజమేమోనని. ఆపరేషన్ అయ్యాక తెలుపు మరీ తెల్లగా, నీలం మరీ నీలంగా కనిపిస్తున్నాయి. గడిలో నీటి అంచు ఒకప్పటిలా లేదు. కడిగేటప్పుడు కణాల్ని రాచేస్తున్నానా? ఐదు నిమిషాల లెక్క నాలుక మీద జారుతోందా? యాభై ఏడేళ్లు వచ్చాయి. ఆడలేక మద్దెల ఓడు అనే మనుషుల్ని చూసి ఆమె జీవితమంతా నవ్వింది, ఇప్పుడు "ట్యూబులే బాగాలేవేమో" అని తను అంటే అచ్చం అలాగే ఉంటుంది. అందుకే నోరు మూసుకుంది.

బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్లి, చెప్పులు విప్పకుండానే ముందుగదిలో కూర్చుంది. ముందుగదే భర్త కుట్టుమిషన్ గది. ఆయన దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటుకు చెయ్యి అతుకుతున్నాడు.

"ఏమండీ, రేపో ఎల్లుండో నన్ను కిందికి పంపేస్తారు," అంది. "వాళ్లు పంపేలోగా నేనే రాసిచ్చేస్తా. ఎవరో పంపితే వెళ్లడం వేరు, మనంతట మనం వెళ్లడం వేరు."

ఆయన గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. తర్వాత సొరుగులోంచి అన్నింటికంటే సన్నని సూది తీసి, నల్లదారం ముక్క తెంపి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఎక్కించు."

"ఇప్పుడా? ఏమిటండీ ఈ వేళాకోళం?"

"ఎక్కించవే, చెబుతా."

ఎక్కించింది. మొదటిసారికే దూరింది. చెయ్యి వణకలేదు.

"నిరుడు ఇదే సూదికి నాలుగుసార్లు తప్పి నన్ను తిట్టావు, గుర్తుందా?" అన్నాడు ఆయన. "నిరుటికంటే నయంగా ఉన్నాయి నీ కళ్లు. నీ చేతులకేం కాలేదు. ఇంకెక్కడో తేడా ఉంది, వెతుక్కో."

"సూది వేరు, కణం వేరు."

"వేరే అనుకో. కానీ కోటు సరిపోలేదని వస్తే నేను ముందు నా కత్తెరని అనుమానించను, కొలత చూస్తా. కొలత కూడా సరిగ్గా ఉంటే, పోయినసారి ఉన్నదేంటి, ఈసారి లేనిదేంటి అని చూస్తా."

రాత్రి భోజనాలయ్యాక తెల్లకాగితం తీసి, "నా కళ్లూ చేతులూ మునుపటిలా పనిచేయనందున, నన్ను కడుగుడు గదికి మార్చవలసిందిగా ప్రార్థన" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. నాలుగు మడతలు పెట్టి తెల్లకోటు జేబులో పెట్టుకుంది. రాశాక మనసు తేలికపడుతుందనుకుంది, అదేం పడలేదు.

గురువారం పొద్దున ఏడింటికే ప్రయోగశాలకు వెళ్లింది. ఇంకా ఎవరూ రాలేదు. ఏసీ చప్పుడు, ఫ్రీజర్ల గురక. పోయినసారి ఉన్నదేంటి, ఈసారి లేనిదేంటి? పొడుగమ్మాయి ప్లేటు పథకం కాగితం బెంచి మీద అతికించి ఉంది. గడి గడికీ ఏం పొయ్యాలో రాసింది. ఒకటి, రెండు, మూడు... పిన్ని వేలు పన్నెండు దాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చింది.

ఉంగరం గడి లేదు!

ఆ మాట ఈ ప్రయోగశాలలో తప్ప ఎక్కడా ఉండదు. పిన్ని ప్లేటు వేస్తే మొదటి గడిలో అన్నీ పోసి రాన్ మాత్రం పొయ్యదు. ఇంపోర్టిన్ సరుకు ఎక్కించుకుంటుంది, రంధ్రాల దాకా వస్తుంది, కానీ దింపించే రాన్ లేక అక్కడే ఇరుక్కుపోతుంది. అప్పుడు కేంద్రకం లోపల నల్లగా, అంచు చుట్టూ పచ్చటి గీతలా మెరుస్తుంది, చిన్న ఉంగరంలా. ఎప్పుడూ అదే ఫలితం. తను సెలవులో ఉండగా పొడుగమ్మాయి కొత్త పథకం గీసుకుంది. ఎప్పుడూ ఒకటే వచ్చేదానికి ఒక గడి దండగ కదా అని దాన్ని తీసేసింది. పిన్ని తిరిగొచ్చి, తన కళ్ల సంగతే ఆలోచిస్తూ, రాసిచ్చినట్టు పోసింది తప్ప ఆ గడి ఏదని అడగలేదు.

ఆమె కొత్త ప్లేటు తీసింది. పన్నెండు అక్కర్లేదు, మూడు గడులు చాలు. ఐస్ నింపింది. డిజిటోనిన్ పోసి పెదవులు కదుపుతూ ఐదు నిమిషాలు లెక్కపెట్టింది. కడిగింది. మొదటి గడిలో లోపలికి వెళ్లకూడని పెద్ద చక్కెర అణువు, ఎర్రగా వెలిగేది. కేంద్రకం చిరిగితే అది లోపలికి జొరబడుతుంది, కణానికి చిల్లులే పడకపోతే గోడ దాకా కూడా రాదు. రెండో గడిలో రాన్ తప్ప అన్నీ. మూడో గడిలో అన్నీ, రాన్‌తో సహా. అరగంట ఆగి మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. కుడికన్నే పెట్టింది.

మొదటిది. ఎరుపంతా చుట్టూ ఉంది, మధ్యలో కేంద్రకాలు నల్లగా, గుండ్రంగా, ఒక్కటి కూడా చిరగలేదు.

పిన్ని ఆ బిళ్లంతా ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. ఒక్కటీ చిరగలేదు. తన చేతులు చిల్లులు పొడవాల్సిన చోట పొడిచాయి, పొడవకూడని చోట వదిలేశాయి.

రెండోది. ఉంగరాలు! సన్నగా, పచ్చగా, వరసలు వరసలుగా. బస్సులొచ్చి గేటు దగ్గర నిలబడ్డాయి. రంధ్రాలు బాగున్నాయి, ఇంపోర్టిన్ బాగుంది, సంకేతం బాగుంది.

మూడోది. చిమ్మచీకటి. లోపలా లేదు, అంచునా లేదు.

కుర్చీలో వెనక్కి వాలింది. రాన్ పొయ్యకపోతే గేటు దాకానైనా వస్తున్నాయి. పోస్తే గేటు దాకా కూడా రావడం లేదు. మందు వేస్తే రోగం ఎక్కువైతే రోగిని తిడతారా, మందు సీసా చూస్తారా?

పొడుగమ్మాయి ఎనిమిదింటికి వచ్చేసరికి పిన్ని ఫ్రీజర్ ముందు నిలబడి ఉంది, చేతిలో చిన్న ట్యూబుల పెట్టె.

"అమ్మాయ్, ఇలా రా. నువ్వు బస్సువి. ప్రయాణికుణ్ని ఎక్కించుకుని రోడ్డు మీదే ఉన్నావు, ఇంకా గేటు కూడా చూడలేదు. ఇంతలో ఎదురుగా నిండు రాన్ వచ్చి ఎక్కింది. ఏం చేస్తావు?"

"లోపలికి వచ్చేశాననుకుంటాను. దింపేస్తాను," అంది పొడుగమ్మాయి, సంచి భుజాన ఉండగానే. అన్నాక నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "పిన్నీ... రోడ్డు మీదే దింపేస్తాను."

"మనం బయట పోసే రాన్ ఎలాంటిదై ఉండాలి?"

"నీరసందే. బయట నిండుది నిలబడదు కదా. వెంటనే ముక్క ఊడగొట్టిస్తారు. ఒకవేళ..."

"ఒకవేళ ముక్క ఊడనే ఊడని రాన్ అయితే?"

అలాంటి రాన్ వాళ్ల దగ్గర ఉంది. దాన్ని తాళం రాన్ అంటారు. ఒక్క అక్షరం మార్చి తయారుచేసింది. జీటీపీ పట్టుకుందంటే వదలదు, ఎవరు చెప్పినా నీరసించదు. వేరే ప్రయోగాలకు పనికొస్తుంది. మామూలు రాన్ పక్కన పెట్టి తూకం వేసినా, జెల్ మీద పరిగెత్తించి సైజు చూసినా రెండూ కవలపిల్లలే, తేడా కనిపించదు.

ఆ ట్యూబులు చిటికెన వేలి గోరంత ఉంటాయి. వాటి మీద పేరు రాసే చోటు లేదు, రాసినా ఫ్రీజర్ మంచుకూ స్పిరిట్‌కూ సిరా నిలవదు. అందుకే ఏనాడో పిన్ని ఒక పద్ధతి పెట్టింది. మూత మీద గోళ్లరంగు చుక్క. అది దేనికీ చెరగదు. మామూలు రాన్‌కు ఎర్రచుక్క, తాళం రాన్‌కు నీలం. ఎరుపెందుకంటే ఆ రోజు ఆమె సంచిలో ఉన్న సీసా అదే, అంతకుమించి శాస్త్రమేం లేదు.

"పాత రాన్ నేను సెలవు పెట్టకముందే అయిపోయింది," అంది పిన్ని. "ఈ కొత్తవి ఎవరు తయారుచేశారు?"

పొడుగమ్మాయి సార్ గది వైపు చూసింది.

సార్ అప్పుడే వచ్చి కంప్యూటర్ తెరుస్తున్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడింది. ఎర్రచుక్క ట్యూబు ఐస్‌లో ఉంది, ఐస్ బకెట్ చేతిలో ఉంది. ఆమెకు తెలియకుండానే ఇరవై రెండేళ్ల కిందటి గొంతు బయటికి వచ్చింది.

"అబ్బాయ్, ఎర్రచుక్క దేనికి పెట్టావు?"

అతను ఉలిక్కిపడ్డాడు. బహుశా తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు కూడా.

"ఎరుపా? తాళం రాన్‌కి. ఎరుపంటే ఆగమని కదా పిన్నిగారూ. మామూలుదానికి నీలం పెట్టాను. చాలా ఏళ్ల తర్వాత నా చేత్తో నేనే చేశానండీ రెండూ, మీరు లేరని..." అంటూ సొరుగులోంచి తన నోట్‌బుక్ తీశాడు. ఆ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. ఎరుపు తాళం, నీలం మామూలు. తేదీ, సంతకం కూడా. ఆ పుస్తకం సార్ సొరుగు దాటి ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

సార్ ముఖం ఆ ట్యూబు మీది చుక్క రంగులోకి మారింది.

"ఆరు ప్లేట్లు..." అన్నాడు.

"ఆరు," అంది పిన్ని.

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు చూడండి," అని పొడుగమ్మాయి మెల్లగా అనేసి, అన్నాక భయపడి నాలుక కరుచుకుంది. ముందుగా నవ్వింది సారే. తర్వాత పిన్ని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బకెట్ బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పిన్నిగారూ, నేను సోమవారం అన్న మాట మీరు విన్నారా?" అన్నాడు సార్.

"ఐస్ యంత్రం పక్కన తలుపు పలచన, సార్."

"తప్పయిపోయింది. నేను చేసిన ట్యూబుల్ని చూడకుండా మిమ్మల్ని అన్నాను."

"తప్పు నాది కూడా ఉంది," అంది పిన్ని కళ్లు తుడుచుకుని. "ఏ రంగు దేనికో ఇన్నేళ్లూ నా నోట్లోనే పెట్టుకున్నాను. ఎక్కడా రాయలేదు. నేను లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇక ఇదిగో, ఈవిడ. ఉంగరం గడి తీసేసింది."

"ఎప్పుడూ ఒకటే వస్తుందని..." గొణిగింది పొడుగమ్మాయి.

"ఎప్పుడూ ఒకటే వచ్చేది మనకు కావాలమ్మా. అది మారిన రోజున కదా, ఏదో అయిందని తెలిసేది!"

ఆ మధ్యాహ్నం ఏడో ప్లేటు వేశారు. పన్నెండు గడులూ పిన్నే వేసింది, మొదటి గడి ఉంగరానిది. ఈసారి నీలంచుక్క ట్యూబు. ఐదు నిమిషాల లెక్క జరుగుతున్నంతసేపూ సార్ గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎవరో ఫోనెత్తి మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

అరగంట తర్వాత మైక్రోస్కోప్ దగ్గర మొదటి చూపు పిన్నిదేనని ఇద్దరూ పట్టుబట్టారు. ఆమె కూర్చుంది, కుడికన్ను ఆనించింది, మర మెల్లగా తిప్పింది.

మొదటి గడిలో ఉంగరాలు. రెండో గడిలో, మామూలు సంకేతం ఉన్న చోట, కేంద్రకాలన్నీ పచ్చగా, నిండుగా వెలుగుతున్నాయి. ఎటు జరిపితే అటు వెలుతురే. ఆ పచ్చదనం ఇంత పచ్చగా ఉంటుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ముదిరిన శుక్లం వెనక నుంచి చూసిందంతా పాతగుడ్డ లోంచి చూసినట్టు ఉండేదన్నమాట. గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

"చెప్పండి పిన్నీ!" అంది పొడుగమ్మాయి, ఆగలేక.

"వెళ్లాయమ్మా. అన్నీ ఇల్లు చేరాయి."

మూడో గడిలో, ఒక్క అక్షరం మారిన సంకేతం. కేంద్రకాలు నల్లగా ఉన్నాయి, అంచున కూడా మెరుపు లేదు. నల్లదనం మళ్లీ వచ్చింది గానీ ఈసారి అందరికీ దాని అర్థం తెలుసు. ఇంపోర్టిన్ దాన్ని ఎక్కించుకోవడమే లేదు. పొడుగమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది. ఆమె అంత పొడుగూ వంగి పిన్నిని కావలించుకుంది, ఐస్ బకెట్ దొర్లిపోయి నేలంతా ఐస్ ముక్కలయ్యాయి. ఆ రోజు మాత్రం ఎవరికీ చీవాట్లు పడలేదు.

సాయంత్రం సార్ గోళ్లరంగు సీసాలు రెండూ పట్టుకుని వచ్చాడు.

"రంగుల పట్టిక ఒకటి రాసి ఫ్రీజర్ తలుపుకి అతికిద్దాం. నా ట్యూబులన్నిటికీ రాత్రి ఇంటికెళ్లే ముందు నేనే చుక్కలు మారుస్తాను. మీ లెక్కే లెక్క, ఎరుపు మామూలు."

"మీరొద్దు," అంది పిన్ని గభాలున. "నేను మారుస్తా."

"కాగితం ఉందా?"

ఆమె తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు మడతల కాగితం తగిలింది. ఒక్క క్షణం దాన్ని అలాగే పట్టుకుంది. తర్వాత తీసి, మడతలు విప్పి, రాసిన వైపు బల్లకేసి బోర్లించి, ఖాళీ వైపు పెద్ద గుండ్రటి అక్షరాలతో రాసింది. "ఎర్రచుక్క మామూలు రాన్. నీలంచుక్క తాళం రాన్. మొదటి గడి ఎప్పుడూ ఉంగరానిదే. అనుమానమొస్తే ఐస్ పిన్నిని అడగాలి."

పొడుగమ్మాయి టేపు ముక్కలు కత్తిరించి ఇస్తుంటే పిన్ని కాగితాన్ని ఫ్రీజర్ తలుపుకు ఆనించి అతికించింది. కిటికీ లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. సార్ దగ్గరికి వచ్చి కళ్లు చిట్లించాడు.

"వెనకాల కూడా ఏదో రాసినట్టుందే పిన్నిగారూ, సిరా కనపడుతోంది. ఏమిటది?"

"ఏం లేదు సార్," అంది పిన్ని, నాలుగో అంచున కూడా టేపు వేసి, సందు కూడా మిగలకుండా బొటనవేలితో గట్టిగా అదిమి. "పనికిరాని కాగితం."